మన కళ్లజోళ్ల షాపు స్టేషన్ రోడ్డుకు మారుతోంది 👓

పాత షాపులో ఆఖరి రోజు జూన్ 28, శనివారం, రాత్రి 8 వరకు. 29, 30 సెలవు. జూలై 1, మంగళవారం ఉదయం 10 నుంచి కొత్త చోట ఉంటాం.

📍 డోర్ నెం. 6-2-14, మొదటి అంతస్తు, స్టేషన్ రోడ్డు, హెడ్ పోస్టాఫీసు ఎదురుగా.

బస్టాండు వైపు నుంచి వస్తే క్లాక్ టవర్ దగ్గర ఎడమకు తిరగండి. ఆ రోడ్డులో రెండు మెడికల్ షాపులు వస్తాయి. రెండోదాని పైనే మనం. చాలామంది మొదటి దాని దగ్గరే ఆగిపోతారు, ఇంకో యాభై అడుగులు ముందుకు రండి. మెట్లు పక్క సందులో ఉన్నాయి. మెట్లెక్కలేని పెద్దవాళ్లకు వెనక లిఫ్ట్ ఉంది, బండ్లు కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

మ్యాప్‌లో పాత చోటు ఇంకొన్నాళ్లు కనిపించవచ్చు, దాన్ని నమ్ముకుని బయల్దేరకండి.

అద్దాలు ఆర్డర్ ఇచ్చినవాళ్లు 28లోపు పాత షాపులోనే తీసుకుంటే మంచిది. మిగిలినవి మాతోపాటే కొత్త చోటికి వస్తాయి. పాత రసీదు చూపిస్తే చాలు. కంటి పరీక్ష మిషన్ బిగించి సరిచూడాలి కాబట్టి పరీక్షలు మాత్రం జూలై 3 నుంచే.

దారి తెలియకపోతే ఇక్కడే మెసేజ్ పెట్టండి 🙏