రంభ వెళ్దాం, రండి

బరంపురం,
9-11-2025.

చిరంజీవులు శ్రీనుకి, లతకి, బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. సుధకి, అల్లుడుగారికి కూడా ఈ ఉత్తరం చూపించండి. ఫోన్లో ఒకరికి చెప్పింది ఇంకొకరికి వేరేగా చేరుతోంది, అందుకే ముగ్గురికీ ఒకేలా రాసి పంపుతున్నాను.

జూలైలో నాన్నగారి మోకాలి ఆపరేషన్‌కి ముగ్గురూ వంతులు వేసుకుని వచ్చారు. ఆయన్ని ఎంత బాగా చూసుకున్నారో నేను మర్చిపోను. కానీ శ్రీను దిగేసరికి లత బయల్దేరింది, బుజ్జి వచ్చేసరికి శ్రీను వెళ్లిపోయాడు. మీ ముగ్గురూ ఒక్క పూట కలిసి అన్నం తిని ఎన్నాళ్లయిందా అని లెక్క వేస్తే, మూడేళ్ల కిందట నానమ్మ దినాల దగ్గర తేలింది. ఆ రోజు ఫోటో తీసుకోవాలని ఎవరికి తోస్తుంది? నాకు అందరం ఉన్న ఫోటో ఒకటి కావాలి. పెళ్లి, జబ్బు, మొక్కు ఏదీ లేకుండా ఊరికే కలవాలని ఉంది.

అందుకని జనవరి 23 శుక్రవారం నుంచి 26 సోమవారం దాకా అనుకున్నాను. సంక్రాంతికి లత అత్తవారింటికి, సుధ పుట్టింటికి వెళ్లాలి కదా, వాళ్ల పండగకి అడ్డు రాకూడదని వారం వెనక్కి జరిపాను. సోమవారం ఎలాగూ సెలవు.

చోటు రంభ. మీ చిన్నప్పుడు నాన్నగారు ఆదివారం పాసింజర్లో తీసుకెళ్లేవారు, గుర్తుందా? స్టేషన్ నుంచి చిలికా ఒడ్డు దాకా బుజ్జిని భుజం మీద మోసేవారు. లత ప్రతి కొంగకీ ఒక పేరు పెట్టేది. పిల్లలెవరూ ఆ నీళ్లు ఇంతవరకు చూడలేదు. జనవరిలో అయితే ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పక్షులు ఇంకా ఉంటాయి.

నాన్నగారు ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరి దాకా నడుస్తున్నారు. మెట్లు మాత్రం కష్టం. ఏర్పాటంతా ఆయన కాలుని బట్టే ఆలోచించాను. శుక్రవారం అందరూ ఇల్లు చేరి పడుకోవడమే, ఎక్కడికీ వెళ్లొద్దు. శనివారం టిఫిన్ తిని నిదానంగా కార్లలో బయల్దేరితే రంభ యాభై కిలోమీటర్లే. అక్కడ పంథనివాస్‌లో కింది అంతస్తు గదులు మూడు అడుగుదాం. సాయంత్రం ఒడ్డున కూర్చుందాం. ఆదివారం పొద్దున్నే నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు పడవలో బ్రేక్‌ఫాస్ట్ ఐలాండ్ దాకా వెళ్లి రండి. నాన్నగారికి ఎక్కడం ఇబ్బందైతే నేను ఆయనతో ఒడ్డునే ఉంటాను, అందుకు ఎవరూ మొహమాటపడొద్దు. మధ్యాహ్నం అక్కడే చింగుడి కూర తిందాం. రొయ్యలని చింగుడి అంటే పోయినసారి శ్రీను కూతురు పకపకా నవ్వింది. దానికి మన బరంపురం మాటలు ఇంకో నాలుగు నేర్పాలి. రాత్రికి ఇంటికి వచ్చేద్దాం. సోమవారం గోపాలపురం సముద్రం చూసి, మీ రైళ్లకి మీరు.

తప్తపాణి కూడా అనుకున్నాను గానీ కొండ దారిలో ఆయన్ని అంతసేపు కూర్చోబెట్టలేం. తారాతారిణికి రోప్‌వే ఉంది, అయినా ఈసారి వద్దు. రోజుకో చోటు చాలు. మధ్యాహ్నం పూట అందరూ నిద్రపోవాలి.

లతా, మీకు ఫలక్‌నుమా బాగుంటుంది. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు కదా, 22న ఎక్కేటట్టయితే ఈ నెల 23న పొద్దున్న 8కే కూర్చోవాలి. శ్రీనూ, ప్రశాంతిలో ఒక రాత్రి, ఒక పగలు గడిచిపోతాయి, చిన్నపిల్లతో వద్దు. విశాఖ దాకా విమానంలో రండి. అక్కడి నుంచి బుజ్జితో కలిసి రైలెక్కితే నాలుగైదు గంటలు. బుజ్జీ, అన్నా వదినలకి కూడా టికెట్లు నువ్వే తీసెయ్యి.

గదులు, కార్లు, పడవ ఖర్చు నాది. నా రికరింగ్ డిపాజిట్ అక్టోబరులో చేతికొచ్చింది, 48 వేలు. దాన్ని దేనికి వాడాలో నాకు తెలుసు, కాబట్టి వాదించకండి. మీ టికెట్లు మీరు పెట్టుకుంటే చాలు. ఆ నాలుగు రోజులూ నేను వంటింట్లోకి వెళ్లను. శుక్రవారం రాత్రికి, సోమవారానికి గేట్ బజార్ దగ్గర నుంచి క్యారేజీలు చెప్తాను. సుధ, లత కూడా గరిట పట్టొద్దు.

ఎవరికైనా ఆ తేదీలు కుదరకపోతే దాచకుండా చెప్పండి, ఫిబ్రవరిలో చూస్తాను. కానీ "చూద్దాంలే అమ్మా" అనొద్దు. ఆ మాట విన్నాక నాకు టెన్షన్ తప్ప ఇంకేం మిగలదు. వచ్చే ఆదివారం లోపు ముగ్గురూ జవాబు చెప్పండి. నాన్నగారికి ఇంకా చెప్పలేదు, మీరు ఊ అన్నాకే చెప్తాను.

అమ్మ