మీ మొదటి నాలుగు వారాల ప్రోగ్రామ్

మేడమ్, నిన్న గోడకు ఆనుకుని చేతులు పైకెత్తమంటే మీ నడుము గోడను వదిలి ముందుకొచ్చేసింది. అందుకే బరువులు తర్వాత, ముందు నిలబడే తీరు సరిచేద్దాం.

సోమ, బుధ, శుక్రవారాల్లో 25 నిమిషాలు చాలు. ముందు ఒక మోకాలు దిండు మీద ఆనించి, రెండో పాదం ముందు పెట్టి, మోకాలు ఆనించిన వైపు పిరుదు గట్టిగా బిగించండి. తొడ మొదట్లో లాగుతుంది. 40 సెకన్లు, ఒక్కో వైపు 2 సార్లు. నడుము మాత్రం విరవొద్దు, విరిస్తే తుంటి సాగదు, నడుమే నొప్పెడుతుంది. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తే గ్లూట్ బ్రిడ్జ్ 12 చొప్పున 3 సెట్లు, రబ్బరు బ్యాండ్‌ను మీ వైపు లాగే బ్యాండ్ రో కూడా అంతే. లాగేటప్పుడు భుజాలు చెవుల దగ్గరికి రానివ్వకండి. చివర్లో చుట్టిన టవల్ మీద వీపు ఆనించి పది శ్వాసలు.

ఆఫీసులో 45 నిమిషాలకోసారి లేవండి. చేతుల్లో తిమ్మిరి వస్తే ఆపేసి నాకు ఫోన్ చేయండి.