చెవి తర్వాతే పానా

పరకాల వైపు నుంచి ఒక రైతు ఆయిల్ ఇంజిన్‌ను ట్రాలీ ఆటోలో వేసుకుని, ములుగు రోడ్డులోని సత్తయ్య షెడ్డుకు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. పాతకాలపు సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్ అది. ఇరువైపులా రెండు పెద్ద ఫ్లైవీళ్లు, నిమిషానికి 650 చుట్లు తిరిగే నిదానపు రకం.

"ధన్ ధన్ అని కొట్టుకుంటోంది సత్తన్నా. బేరింగ్ పోయింది, క్రాంకు బయటకు తీయాలి అంటున్నారు. మిర్చికి ఇంకా రెండు తడులు పెట్టాలి. ఇప్పుడు విప్పితే తోట ఏమైపోవాలి?"

ఇంజిన్‌ను నీళ్ల తొట్టి పక్కన దించి, పంపుకు బెల్టు తగిలించారు. అప్పటికే నరేశ్ చేతిలోకి పానా వచ్చేసింది. షెడ్డులో చేరి ఏడాది నిండని కుర్రాడికి బోల్టు కనిపిస్తే వేళ్లు ఆగవు.

"అది కింద పెట్టు బిడ్డా. చెప్పేదాకా ఏదీ ముట్టకు."

సత్తయ్య పడుచుతనంలో ఆజంజాహీ మిల్లులో ఫిట్టరు. వందల మగ్గాలు ఒక్కసారిగా మోగే హాలులో, ఏ మగ్గం తేడాగా మోగుతోందో దూరం నుంచే పట్టుకోవాల్సిన పని. ఆయన చెవి అక్కడ తయారైంది. ఎన్ని పరికరాలు వచ్చినా ఇలాంటి చెవి ఉన్న మనిషికి సాటి రావని నా గట్టి నమ్మకం.

నరేశ్ హ్యాండిల్ తిప్పాడు. ఇంజిన్ అందుకుంది.

"కళ్లు మూసుకో. ముందు సైలెన్సర్ దెబ్బ విను. అది తాళం. ఆ తాళానికి ఈ చప్పుడు ఎక్కడ పడుతోందో చెప్పు."

"ట్యాపెట్టేమో ఉస్తాద్."

"పేరు అడగలేదు. ఏం వినిపిస్తోందో అడిగాను."

నరేశ్ తడబడి మళ్లీ విన్నాడు. రోడ్డు మీద ఏనుమాముల మార్కెట్‌కు పోయే మిర్చి లారీలు హారన్లు కొడుతున్నాయి. వాటిని పక్కకు నెట్టి వినడానికి కాస్త సమయం పట్టింది.

"సన్నగా టిక్ టిక్ ఒకటి ఉంది. సైలెన్సర్ దెబ్బకు ఒక్కసారే వస్తోంది. బరువుగా ధన్ అనేది వేరు. అది ఒకసారి దెబ్బతో పాటు వస్తోంది, మళ్లీ నడుమ కూడా వస్తోంది."

"అదీ వినడమంటే! క్రాంకు రెండు చుట్లు తిరిగితే వాల్వు ఒక్కసారి తెరుచుకుంటుంది. సైలెన్సర్ దెబ్బ కూడా ఒక్కటే. కాబట్టి ట్యాపెట్ చప్పుడు దెబ్బకు ఒకటే రావాలి. చుట్టుకు ఒకటి వచ్చేది క్రాంకుతో పాటు తిరిగేవాటిదే."

"అయితే బేరింగే కదా?" రైతు మొహం వాడిపోయింది.

సత్తయ్య జవాబివ్వలేదు. నరేశ్‌తో పంపు వాల్వు పూర్తిగా తెరిపించాడు. నీళ్లు తొట్టిలోకి దూకాయి, ఇంజిన్ మీద భారం పడింది, పొగ చిక్కబడింది. ధన్ ధన్ మాత్రం తగ్గింది. వాల్వు బిగించగానే మళ్లీ మొదలైంది.

"కనెక్టింగ్ రాడ్డు బేరింగ్ అరిగితే భారం పడ్డప్పుడే గట్టిగా కొట్టుకుంటుంది. ఇది భారం పడితే సర్దుకుంటోంది. మరి క్రాంకుకు బిగించి ఉండి, ఊగులాడగలిగింది ఇంకేముంది? చుట్టూ తిరిగి విను. బెల్టుకూ చక్రాలకూ దూరంగా ఉండు."

నరేశ్ ఒక్కో అడుగే వేస్తూ నడిచాడు. సిలిండర్ దగ్గర కన్నా, బెల్టు లేని వైపు చప్పుడు స్పష్టంగా ఉంది. సత్తయ్య డీజిల్ ఆపాడు. వేగం తగ్గుతూ ఇంజిన్ చివరి చుట్లు తిరుగుతుంటే, కంప్రెషన్ ఎదురు తన్నినప్పుడల్లా ఆ వైపు చక్రం విడిగా ధన్‌మంది.

"ఫ్లైవీల్! దాని కీ వదులైంది ఉస్తాద్!"

"ఇప్పుడు చెయ్యి పెట్టు."

ఆగిన చక్రం అంచు పట్టుకుని నరేశ్ ముందుకూ వెనక్కూ కదిలించాడు. క్రాంకు కదలకుండానే చక్రం వెంట్రుకవాసి ఆడింది. చక్రాన్ని క్రాంకుకు బిగించి ఉంచే ఇనుప ముక్కే ఆ కీ. దాని పక్కన ఎర్రటి తుప్పుపొడి రాలి ఉంది. కీని ఊడదీసి చూస్తే అంచులు అరిగిపోయి కనిపించాయి. సత్తయ్య కొత్తది కోసి, నీలం రంగు పూసి గాడిలో పెట్టి, తగిలినచోటల్లా ఆకురాయితో రాశాడు. ఈ పనికి తొందర పనికిరాదు. కీ సరిగ్గా కూర్చోకపోతే అంత బరువు చక్రం మళ్లీ వదులవుతుంది. పొద్దుగూకేసరికి కీ గట్టిగా దిగింది.

ఈసారి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ధన్ లేదు. రైతు జేబులో చెయ్యి పెట్టాడు. నరేశ్ మాత్రం ఇంజిన్ పక్కనే కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"ఆ సన్న టిక్ టిక్ ఇంకా ఉంది ఉస్తాద్. దెబ్బకు ఒకటే. ఇది ట్యాపెట్టే."

"ఏ వాల్వుది?"

నరేశ్ ఇంకాసేపు విన్నాడు. "ఎగ్జాస్ట్‌ది."

సత్తయ్య ఇంజిన్ ఆపి, ఫీలర్ గేజి, పానా తీసి అతని చేతిలో పెట్టాడు. "చల్లారనిచ్చి గ్యాప్ పెట్టు. అన్నా, ఓ అరగంట కూర్చో, చాయ్ చెప్తాను."