ఇక్కత్ పట్టు చీరల రిటర్నులు: అనుమతి, తనిఖీ, గ్రేడు (గోడౌన్, సపోర్ట్ సిబ్బందికి)

చీర అందిన 7 రోజుల్లోపు కస్టమర్ ఆర్డర్ నంబరు, కారణం, పగటి వెలుతురులో తీసిన మూడు ఫొటోలు (చీర మొత్తం, కొంగు, ట్యాగు) పంపాలి. అవి చూశాకే సపోర్ట్ వాళ్లు RMA నంబరు ఇచ్చి పికప్ పెడతారు. ఆ నంబరు ఇచ్చామంటే చీర తెప్పించుకుని చూస్తామని మాత్రమే. ఫోన్లో "డబ్బు వచ్చేస్తుందండీ" అనకండి, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. నంబరు లేని పార్సిల్ వస్తే విప్పకుండా విడిగా పెట్టండి.

పార్సిల్‌ను కెమెరా కింద, రికార్డింగ్ ఆపకుండా విప్పాలి. ముందు తూకం: పంపిన బరువుకు 15 గ్రాముల తేడా పర్వాలేదు, వానాకాలంలో పట్టు తేమ పీలుస్తుంది. తర్వాత, పంపేటప్పుడు తీసిన కొంగు మూల ఫొటో పక్కన పెట్టి పోల్చండి. ఇక్కత్‌లో నేతకు ముందే పోగుకు రంగు ఎక్కుతుంది కాబట్టి డిజైన్ గీతలు ఈకల్లా చెదిరి ఉంటాయి. అదే డిజైన్ వేరే చీర పంపినా ఆ చెదురు కలవదు. చెదురును లోపంగా రాయకండి, వెనకవైపు పోగు ముడులనూ అంతే.

కట్టిన చీరను పట్టుకోవడానికి కింది అంచును లైటుకు ఎదురుగా ఎత్తండి. ఫాల్ విప్పేసినా సూది రంధ్రాలు వరసగా కనబడతాయి. భుజం దగ్గర, కుచ్చిళ్ల దగ్గర పిన్ను గుర్తులు చూడండి. ఫ్యాను ఆపి వాసన చూడండి.

గ్రేడు ఎ: కట్టలేదు, ట్యాగు, బ్లౌజు పీసు అలాగే ఉన్నాయి. పూర్తి రీఫండ్.

బి: ట్యాగు ఉంది, కుట్టు లేదు, కానీ మడతలు నలిగాయి లేదా సెంటు వాసన ఉంది. పాలిష్, మళ్లీ మడత ఖర్చు కింద 20 శాతం తగ్గిస్తాం. ఉదాహరణకు RMA-1186లో చీర ₹8,400, కోత ₹1,680, వెనక్కి ₹6,720. పని మొదలుపెట్టే ముందు ఫొటోలతో ఈ లెక్క పంపి, కస్టమర్ ఒప్పుకోలు వాట్సాప్‌లో తీసుకోండి. ఒప్పుకోకపోతే చీర తిరిగి పంపుతాం.

సి: తప్పు మనది. సెంటీమీటరు దాటిన పోగు తెగుడు, రంగు దిగడం, తప్పు చీర వెళ్లడం. అదే ధరలో మార్చి ఇస్తాం. స్టాకు లేకపోయినా, కస్టమర్ డబ్బే కావాలన్నా పూర్తి రీఫండ్, రానుపోను కొరియర్ ఖర్చు మనదే. ఈ గ్రేడులో ట్యాగు తెగిందని అభ్యంతరం పెట్టొద్దు.

డి: ఫాల్, పీకో పడింది, బ్లౌజు పీసు కత్తిరించారు, ఉతికారు, లేదా కొంగు ఫొటో కలవలేదు. తిరస్కరణ. పసుపు మరక ఎర్రబడితే సబ్బు తగిలినట్టే. డి గ్రేడుకు రెండో మనిషి విడిగా చూసి సంతకం పెట్టాలి. ఇద్దరి మాటా కలవకపోతే బి.

గ్రేడు 48 గంటల్లోపు ఎక్కించాలి. క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డర్లకు యూపీఐ ఐడీలో పేరు ఆర్డర్ పేరుతో సరిచూశాకే డబ్బు పంపండి. డి చీరను మూడు ఫొటోలు, విప్పిన వీడియో లింకుతో 3 రోజుల్లో తిప్పి పంపేయండి.