యాభై వేలు వచ్చాయి, పెద్దమ్మ నోటు తీరింది

ఫోటోలో మధ్యలో నేను, ఒక పక్క బాపు, ఇంకో పక్క అమ్మ. వెనక కనిపించే సాంచ, అంటే బట్ట నేసే మరమగ్గం, మాది కాదు, సేటుది. ఫోటో దిగుతామంటే కాసేపు ఆపుకోనిచ్చాడు. రెండో ఫోటో పాస్‌బుక్. అకౌంట్ నంబర్ మీద పెట్టిన బొటనవేలు మా చెల్లెది, నెయిల్ పాలిష్ కోసం దాన్నే చూడమంటోంది. మీరు మాత్రం దాని కింద 50,000 అని ఉన్న లైను చూడండి.

ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ వచ్చింది నాకు! ఇంజనీరింగ్, డిప్లొమా చదివే అమ్మాయిలకు ఏడాదికి యాభై వేలు ఇచ్చే స్కీము. పాసవుతూ, ఏటా రెన్యూవల్ చేసుకుంటూ పోతే నా బీటెక్ నాలుగేళ్లూ వస్తుంది.

ఇక్కడితో ఆపేసి దండం ఎమోజీ పెట్టమని బాపు సలహా. "స్కాలర్‌షిప్ అచ్చిందని రాయి సాలు, అప్పు ముచ్చట అందరికి ఎందుకు బిడ్డా" అన్నాడు. అమ్మ లోపలి నుంచే "రాయనీ, దొంగతనం చేసినమా" అంది. మా ఇంట్లో అమ్మ మాటే ఫైనల్ కాబట్టి రాస్తున్నా.

మా బాపు సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. అమ్మ ఇంట్లో లంగాలు కుడుతుంది. ఇద్దరి సంపాదన కలిపి నా ఇన్‌కమ్ సర్టిఫికెట్‌లో 2,16,000 అని వచ్చింది. మేం బీసీలం. టౌన్‌లో ఉండేవాళ్లకి ఫీజు రీయింబర్స్‌మెంట్ కావాలంటే ఆదాయం రెండు లక్షలు దాటకూడదు. అంటే పదహారు వేల దగ్గర ఆగిపోయాం. తక్కువ రాయించుకోండి, అందరూ చేసేదే అని చెప్పినవాళ్లు చాలామంది. బాపు "ఉన్నదే రాయమన్న, మళ్ల పోయి అబద్ధం చెప్పాల్నా" అని ఊరుకున్నాడు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు ఆయన మీద చాలా కోపం వచ్చింది.

కౌన్సెలింగ్‌లో ఈసీఈ సీటు వచ్చింది, కరీంనగర్ వైపు కాలేజీలో. ఎంసెట్ రాసినవాళ్లకి తెలుసు కదా, సీటు చూపించిన తర్వాత ఫీజు ఆన్‌లైన్‌లో కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయడానికి ఇచ్చే టైము చాలా తక్కువ. గడువు దాటితే సీటు పోతుంది. బ్యాంకు లోన్ ఎందుకు తీసుకోలేదని ఇప్పుడు అడిగేవాళ్లకి ఇదే జవాబు. బ్యాంకు కాగితాలన్నీ చూసి ఇచ్చేలోపు ఆ గడువు అయిపోయేది. ట్యూషన్ ఫీజు, మిగతా ఫీజులు, పుస్తకాలు అన్నీ కలిపి ఎనభై వేలు కావాలి. ఇంట్లో ఉన్నది కిరాయికే సరిపోతుంది.

ముప్పై వేలు అమ్మ మహిళా సంఘంలో తెచ్చింది. యాభై వేలు పక్కింటి పెద్దమ్మ ఇచ్చింది, నూటికి రెండు రూపాయల వడ్డీ, నోటు రాసి. ఆ డబ్బు ఆమె చిట్టీ ఎత్తి బిడ్డ పెళ్లి కోసం దాచుకున్నది. ఈ రోజు లెక్క తీర్చేటప్పుడు కూడా వడ్డీ ఒక్క రూపాయి తగ్గించలేదు, తగ్గించమని మేమూ అడగలేదు. అది సాయమా వడ్డీ వ్యాపారమా అని మా కజిన్ ఒకడు చర్చ పెట్టాడు. ఆ వారం ఆమె ఇవ్వకపోతే నాకు సీటే లేదు, కాబట్టి నా దగ్గర ఆ చర్చ వద్దు.

నెలకు వెయ్యి వడ్డీ అమ్మ కుట్టుపనిలోంచే పోయింది. సాయంత్రం లైట్లు వేశాక మొదలుపెట్టి ఎప్పటికి పడుకునేదో నాకు తెలీదు, పొద్దున నేను లేచేసరికి మళ్లీ మిషన్ మీదే ఉండేది. బాపు చాయ్ హోటల్‌కి వెళ్లడం మానేశాడు. అడిగితే గ్యాస్ ట్రబుల్ అన్నాడు. బస్సుకి మాత్రం ఖర్చు లేదు, మహాలక్ష్మి జీరో టికెట్ మీదే రోజూ పోయి వచ్చాను. హాస్టల్ ఊసే ఎత్తలేదు.

ప్రగతి గురించి కాలేజీలో సీనియర్ అక్క చెప్పింది. అక్కా, నువ్వు ఈ పోస్టు చూస్తావని తెలుసు, థాంక్స్. ఇందులో ఆదాయం హద్దు ఎనిమిది లక్షలు! రెండు లక్షల పదహారు వేల సర్టిఫికెట్ పట్టుకుని పనికిరాదని ఏడ్చిన నాకు ఆ సంగతి వినగానే నవ్వొచ్చింది. అదే సర్టిఫికెట్ అప్‌లోడ్ చేశాను, మార్చకుండా. బాపు మీద కోపం ఆ రోజుతో పోయింది, కానీ ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. ఇదిగో ఇప్పుడు చెప్తున్నా.

ప్రగతికి బీటెక్‌వాళ్లకి ఇంటర్ మార్కులు చూస్తారు, ఎంసెట్ ర్యాంకు కాదు. నాకు ఎంపీసీలో 978. ర్యాంకు బాగా రాలేదని ఇంటర్ మార్కుల గురించి ఎవరికీ చెప్పుకోవడమే మానేశాను, చివరికి అవే అక్కరకొచ్చాయి.

అప్లై చేసేది scholarships.gov.in లోనే. వేరే ఎవరికీ డబ్బులు కట్టే పని లేదు. మొదట ఒక్కసారే చేసుకునే ఓటీఆర్ రిజిస్ట్రేషన్, తర్వాత ఫారం, తర్వాత కాలేజీలో నోడల్ ఆఫీసర్ వెరిఫై చేయాలి. ఫారం సబ్మిట్ చేసి ఇంట్లో కూర్చోవద్దు, కాలేజీ వెరిఫికేషన్ అయిందో లేదో అడుగుతూ ఉండండి. ఇంకొకటి, బ్యాంకు అకౌంట్‌కి ఆధార్ నంబర్ ఇచ్చినంత మాత్రాన సరిపోదు, డీబీటీ, అంటే ప్రభుత్వం నేరుగా వేసే డబ్బులు పడేలా ఆధార్ సీడింగ్ కూడా అయి ఉండాలి. మా బ్యాంకులో ఒక సారు ఓపిగ్గా చూసి చెప్పారు కాబట్టి ముందే సరిచేసుకున్నాం. ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల వరకు వస్తుంది. చెల్లె పదో తరగతి చదువుతోంది, పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరతానంటోంది, దానికి ఈ లైను పదిసార్లు చదివి వినిపించాను.

కానీ ఒక మాట. ఈ డబ్బు ఫీజు కట్టే రోజుకి రాదు. ముందు కట్టాలి, చదవాలి, అప్లై చేయాలి, ఆ తర్వాత ఎన్నో నెలలకు వస్తుంది. కాలేజీ అప్పటిదాకా ఆగదు. "స్కాలర్‌షిప్ వచ్చిందంట, ఫ్రీగా చదువుతోంది" అని మొన్న ఎవరో అంటుంటే విన్నాను. ఫ్రీ కాదు. అమ్మ, బాపు, పెద్దమ్మ, సంఘంలో అమ్మతో పాటు పూచీ ఉన్న ఆడవాళ్లు, వీళ్లందరి డబ్బుతో మొదటి ఏడాది నడిచింది. స్కాలర్‌షిప్ వచ్చింది దాని వెనక.

డబ్బు పడిన సాయంత్రమే పెద్దమ్మ యాభై వేలు ఇచ్చేశాం. నోటు వెనక్కి ఇచ్చి, "రెండో సంవత్సరానికి కావాల్నా?" అని అడిగింది. బాపు "వద్దక్కా, ఇప్పుడైతే వద్దు" అన్నాడు. సంఘం లోన్ ఇంకా నడుస్తోంది, కిస్తీలు అమ్మే కడుతోంది. రెండో ఏడాది ఫీజు జమ చేయడం నా పని అని చెప్పాను, సాయంత్రాలు ఇద్దరు ఇంటర్ పిల్లలకు మ్యాథ్స్ ట్యూషన్ మొదలుపెట్టాను. ఇంకో ఇద్దరికి ఖాళీ ఉంది. సిరిసిల్లలో ఉండి, పిల్లలు ఇంటర్ ఎంపీసీ చదువుతుంటే మెసేజ్ పెట్టండి, ఫీజు మరీ ఎక్కువేం కాదు.

#ప్రగతిస్కాలర్‌షిప్ #సిరిసిల్ల #బాపుసర్టిఫికెట్ #ఈసీఈ