పేపర్ ఎడిట్ రెండో వెర్షన్: "కాలువ కట్టేసిన నెల" కి మార్చి రాసిన వాయిస్ ఓవర్

తమ్ముడూ, రాత్రి రషెస్ మొత్తం మళ్ళీ చూశా, 43 క్లిప్పులు, ఒక్కోదానికి ఒక కాగితం ముక్క చింపి నంబరు, ఎన్ని సెకన్లు, ఏం కనపడుతోంది, ఏం వినపడుతోంది అని రాసుకుని మంచం మీద పరిచి అటూ ఇటూ జరిపితే తెలిసిందేంటంటే నేను ఏప్రిల్లో రాసిన స్క్రిప్ట్ నిండా నీళ్ళే, మన దగ్గరున్న ఫుటేజ్ లో మాత్రం చుక్క నీరు లేదు. నీళ్ళు వదిలిన రోజుకి మనం వెళ్ళలేకపోయాం, అది మళ్ళీ ఏడాదికి గానీ రాదు, కాబట్టి మారాల్సింది మాటలే. పేరు కూడా మార్చేశా.

నవంబర్లో ఫోన్ తో తీసిన లొల్ల లాకుల నీళ్ళు పెట్టేసి "నీళ్ళొచ్చిన రోజు" అని చదివేద్దాం అన్నావు చూడు, అది మాత్రం వద్దు. గట్టు అవతల వరి పండి వంగిపోయి ఉంది ఆ క్లిప్ లో, జూన్లో పండిన చేను ఎక్కడుంటుంది, మన ఊళ్ళో ఎవరు చూసినా ఒక్క క్షణంలో పట్టేస్తారు, ఆ తర్వాత మనం చెప్పిన ఏ మాటా నమ్మరు. ఆ క్లిప్ వాడదాం, కానీ నవంబర్ అని చెప్పే వాడదాం. ఎక్కడో కింద రాశా.

ఇక వరస ఇది. నేను చదివితే పది సెకన్లకి పదిహేను మాటలు పడుతున్నాయి, ఆ లెక్కనే రాశా.

C0007, 00:04 నుంచి 00:16. వంతెన మీంచి ఎండిన కాలువ, అడుగున పిల్లలు క్రికెట్. పాత మాట "బ్యారేజీ 175 గేట్ల నుంచి ఉరకలేస్తూ కాలువల్లోకి దూకే గోదారి" తీసేశా. ఫుటేజ్ తో కుదరకపోవడం ఒకటి, అసలు అది తప్పు కూడా, ఆ గేట్లు ఎత్తితే నీళ్ళు పోయేది సముద్రానికి, కాలువలకి వేరే హెడ్ స్లూయిజులున్నాయి, ధవళేశ్వరం, బొబ్బర్లంక, విజ్జేశ్వరం దగ్గర. ఇన్నాళ్ళూ చూసుకోలేదు నేను. మొదటి నాలుగు సెకన్లు బ్యాట్ చప్పుడు వదిలెయ్, తర్వాత:

"మే నెల. పైన కాలువలకి నీళ్ళు ఆపేశారు. ఇక్కడ పిల్లలకి పిచ్ దొరికింది."

C0011, 01:20 నుంచి 01:31. ప్రొక్లెయిన్ పూడిక తీస్తోంది. బండి మోత బాగా ఎక్కువ, సగానికి తగ్గించు, పూర్తిగా తీసెయ్యకు. "పూడిక తీస్తున్నారు" అని మనం చెప్పక్కర్లేదు, కళ్ళకి కనపడుతోంది, ఎందుకిప్పుడే తీస్తున్నారో చెప్తే చాలు:

"ఏడాదిలో కాలువ ఖాళీ అయ్యేది ఇప్పుడే. పూడిక తియ్యాలన్నా, గట్టు కట్టాలన్నా, తూము బాగుచెయ్యాలన్నా ఈ కొద్ది వారాలే."

C0019, 00:41 నుంచి 01:06. కాలువ గేట్లు చూసుకునే లస్కరు గారి బైట్. ఇక్కడ నా మాట ఒక్కటి కూడా వద్దు. పాత స్క్రిప్ట్ లో నీళ్ళ రాక గురించి ఆరు లైన్లు రాసుకున్నా, ఎంత ఇష్టంగా రాసుకున్నానో నీకు తెలుసు, కానీ ఆయన చెప్పింది విను:

"ముందు వాసనొస్తదండి. ఆయ్. పొడి మట్టి తడిసిన వాసన. అదొచ్చిన కాసేపటికి గానీ నీళ్ళు కనపడవండి."

దీని ముందు నా ఆరు లైన్లూ ఎందుకు. "కనపడవండి" తర్వాత ఆయన కాలువ పైకి చూస్తాడు, ఆ మూడు సెకన్లు కత్తిరించకు, ఈ ఫిల్మ్ లో నీళ్ళు ఉన్నది ఆ చూపులోనే.

C0023, 00:10 నుంచి 00:26. లొల్ల లాకులు, కదలని షాట్, కాకి అరుపు. కాటన్ దొర గురించి 40 సెకన్లు రాశా కదా, దానికి బొమ్మ లేదు, విగ్రహం క్లిప్ మొత్తం ఊగిపోయింది, ఫోకస్ కూడా లేదు. మన దగ్గర ఆయన పేరు తగ్గించడానికి ఎవరికీ చెయ్యి రాదు, నాకూ రాలేదు, అయినా బొమ్మ లేకుండా 40 సెకన్లు ఆయన్ని పొగిడితే జనం ఫోన్ చూసుకుంటారు. లాకుల మీద నిలబడేంత వరకే ఉంచా:

"కాటన్ దొర ఆనకట్ట 1852కి పూర్తయింది. అప్పట్నుంచి చాలా ఏళ్ళు ఈ కాలువల్లో పడవలే బళ్ళు. పడవ మెట్టు దిగడానికే ఈ లాకులు."

1852 కాగితం మీద ఒక్క మాటే, నోటితో చదివితే నాలుగు మాటలు, అందుకే క్లిప్ ని 14 నుంచి 16 సెకన్లకి సాగదీశా.

C0034, 00:02 నుంచి 00:11. శివారు చేను, మట్టిగడ్డ నలుపుతున్న చెయ్యి. ఇది ముందు 31 తర్వాత ఉండేది, ముక్కలు జరుపుతుంటే ముందుకొచ్చింది, ముందు చెయ్యి తర్వాత మొహం, బాగుంది. మాట:

"కాలువ చివర చేలకి నీళ్ళు ఆఖర్న వస్తాయి. వానాకాలం ముంపు మాత్రం ముందొస్తుంది."

C0031, 02:15 నుంచి 02:45. ఆ చేను రైతు బైట్. "2011లో సార్వా వెయ్యలేదండి మేం. ముంపుకి పోయింది పోగా మిగిలింది గిట్టుబాటు కాలేదండి" అని ఆయనే చెప్తున్నాడు, కాబట్టి క్రాప్ హాలిడే గురించి నా పేరా మొత్తం తీసేశా. అనుభవించిన మనిషి చెప్పాక మళ్ళీ మనం చెప్తే ఆయన మాట తేలికైపోతుంది. 02:31 దగ్గర దగ్గు ఉంది, అక్కడ కట్ పెట్టి C0034 నుంచే మిగిలిన చెయ్యి షాట్ కప్పు.

C0038, 10 సెకన్లు, మురుగు కాలువలోంచి గుర్రపుడెక్క లాగి గట్టున వేస్తున్నారు. మాటల్లేవు.

ఇప్పుడు నవంబర్ క్లిప్, 8 సెకన్లు, నీళ్ళ చప్పుడు పూర్తిగా, మొదటి సెకను నుంచే. దాని మీద ఇంతే:

"ఇదే లాకు. కిందటేడు నవంబర్."

సైజు తేడాగా ఉంది ఫోన్ ది కాబట్టి, పక్కల నల్లగానే ఉండనీ, జూమ్ చేసి నింపకు, అది వేరే రోజుదని చూడగానే తెలియాలి.

C0041, 00:30 నుంచి 00:50, ఆఖరిది. అదే చోట ఎండిన కాలువ, లస్కరు గారు గేటు స్క్రూకి గ్రీజు పూస్తున్నారు. నీళ్ళ చప్పుడు టక్కున ఆగిపోవాలి, ఫేడ్ వద్దు. ఎనిమిది సెకన్లు గుడ్డ రుద్దుతున్న చప్పుడే, తర్వాత:

"గేటు ఎత్తమని కబురు ఇంకా రాలేదు."

అక్కడితో నా మాట అయిపోయింది, మిగిలిన సెకన్లు ఆయన పని ఆయన చేసుకుంటూ ఉంటాడు, నల్ల తెర. పాత ముగింపులో జలకళ, పచ్చని పైరు, అన్నపూర్ణ అని ఏవేవో ఉన్నాయి, ఒక్క ముక్కకీ షాట్ లేదు.

మొత్తం 2 నిమిషాల 21 సెకన్లు వచ్చింది, నాలుగు అనుకున్నాం, సాగదీయొద్దు. స్క్రాచ్ వాయిస్ ఇవాళ మధ్యాహ్నం ఫోన్లో చదివి పంపిస్తా, దాని మీద పరిచి చూడు, ఎక్కడన్నా నా మాట క్లిప్ దాటిపోతే క్లిప్ పెంచకు, నాకు ఫోన్ చెయ్యి, మాట తగ్గిస్తా.