ఇంటర్వ్యూ తేదీ మార్చమని విన్నపం

హనుమకొండ,
19-08-2025.

ప్రిన్సిపాల్ గారికి,

విషయం: ఫిజికల్ సైన్స్ టీచర్ పోస్టు – 21వ తేదీ ఇంటర్వ్యూ వాయిదా కోసం.

నమస్కారమండీ.

ఈ గురువారం (21వ తేదీ) ఉదయం 10.30కి ఇంటర్వ్యూకూ, తొమ్మిదో తరగతికి 20 నిమిషాల డెమో క్లాసుకూ రమ్మని మీరు పంపిన మెయిల్ అందింది. నాకు 15వ తేదీ నుంచి జ్వరం. ఆదివారం చేసిన పరీక్షలో డెంగీ అని తేలింది. నిన్నటి రిపోర్టులో ప్లేట్‌లెట్లు 58 వేలకు పడిపోవడంతో ఆస్పత్రిలో చేర్చుకున్నారు. ఈ ఉదయానికి జ్వరం దిగింది గానీ, డెంగీలో జ్వరం దిగిన తర్వాతి రెండు రోజులే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని డాక్టరుగారు డిశ్చార్జి చేయలేదు. ఇంటికి వెళ్లాక కూడా నాలుగైదు రోజులు విశ్రాంతి తీసుకోమన్నారు.

వినాయక చవితి సెలవు అయ్యాక 28 గురువారం గానీ, 29 శుక్రవారం గానీ మీరు చెప్పిన సమయానికి రాగలను. డెమోకు ‘గమనం’ పాఠమే సిద్ధం చేసుకున్నాను, మార్చాల్సి వస్తే ఒక రోజు ముందు చెబితే చాలు. అప్పటిదాకా ఆగడం వీలుకాకపోతే, 25 సోమవారం ఇంటి నుంచి వీడియో కాల్‌లో మాట్లాడి, డెమో మాత్రం తర్వాత పెట్టుకోవచ్చేమో పరిశీలించండి.

డాక్టరుగారి సర్టిఫికెట్, నిన్నటి రక్తపరీక్ష రిపోర్టు జతచేశాను. దరఖాస్తులో ఇచ్చిన నా నంబరుకు ఫోన్ చేస్తే ప్రస్తుతం మా అన్నయ్య ఎత్తుతాడు, మెయిల్ మాత్రం నేనే చూస్తున్నాను.

మీ ఏర్పాట్లకు కలిగిన ఇబ్బందికి మన్నించగలరు.

ఇట్లు,
భవదీయురాలు,
శ్రావణి